ఒక్కపొద్దు నాడు ఏ గోలి ఆపాలె, ఏది ఆపొద్దు?

"తిన్నంక ఏసుకునే గోలి, తినకుంట ఎట్ల ఏసుకోవాలె?"

శివరాత్రికైనా, తొలి ఏకాదశికైనా, రంజాన్ నెలలోనైనా జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ఇండ్లల్లో వినిపించే మాట ఇది. అడిగినవాళ్లు జవాబు కోసం ఎక్కువసేపు ఆగరు. గోలీల సంచి ఆ రోజుకు అల్మారలోనే ఉండిపోతుంది. షుగర్‌ది, బీపీది, గుండెది, ఫిట్స్‌ది అన్నీ ఒకే సంచిలో ఉంటాయి కాబట్టి అన్నీ ఒకేసారి ఆగిపోతాయి. ఇంకొన్ని ఇండ్లల్లో దీనికి పూర్తిగా తిరగేసి జరుగుతుంది. "రోజూ వేసుకునేదే కదా, మందు తప్పొద్దని డాక్టర్ చెప్పిండు" అని, పొద్దున్నే ఖాళీ కడుపుతో సంచిలో ఉన్నవన్నీ మింగి ఉపాసం మొదలుపెడతారు.

రెండూ ప్రమాదమే. అందులో రెండోది ఎక్కువగా షుగర్ ఉన్నవాళ్లను ఆ పూటే పడగొడుతుంది. మొదటిది ఫిట్స్, గుండె జబ్బు ఉన్నవాళ్లను ఆ రాత్రో, మరి నాలుగు రోజులకో దెబ్బతీస్తుంది. ఏ గోలి ఒంట్లో ఏం చేస్తుందో, ఎంతసేపు ఉంటుందో తెలిస్తే ఈ రెండు ప్రమాదాలనూ చాలావరకు తప్పించుకోవచ్చు.

ఈ ప్రాంతంలో ఈ సంగతి ఒక మతానికి చెందింది కాదు. శివరాత్రికి వేములవాడ రాజన్న సన్నిధిలో జాగారం చేసేవాళ్లకు లెక్క లేదు. ఆ గుడి ఆవరణలోనే దర్గా ఉంది. కోరుట్లలో, జగిత్యాలలో రంజాన్ రోజాలను కూడా ఊళ్లల్లో ఒక్కపొద్దులనే అంటారు. 2025లో శివరాత్రి ఫిబ్రవరి 26న వస్తే, మొదటి రోజా మార్చి 2న వచ్చింది. 2027లో మార్చి 6న శివరాత్రి వచ్చేనాటికి రంజాన్ నెల ఇంకా నడుస్తూనే ఉంటుంది. పక్కపక్క ఇండ్లల్లో ఇద్దరు ఒకే రోజు ఉపాసం ఉంటారు, ఇద్దరి సంచుల్లోనూ అవే గోలీలు ఉంటాయి. తమకు షుగరో బీపీయో ఉందని ఈమధ్యనే తెలిసినవాళ్లూ ఇక్కడ చాలామందే. 2022 మార్చిలో రాష్ట్రంలో హెల్త్ ప్రొఫైల్ కార్యక్రమాన్ని ప్రయోగాత్మకంగా మొదలుపెట్టిన రెండు జిల్లాల్లో రాజన్న సిరిసిల్ల ఒకటి. పరీక్షలు ఇంటి గడపకు వచ్చాయి, గోలీలూ వచ్చాయి. పండుగ నాడు వాటిని ఏం చేయాలన్నది మాత్రం చాలామందికి ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు.

షుగర్ గోలీల్లో రెండు స్వభావాలు

షుగర్ గోలి అంటే అందరికీ ఒకటే గోలి. మందుల్లో మాత్రం పూర్తిగా వేరైన రెండు స్వభావాలు ఉన్నాయి. గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్, గ్లైబెన్‌క్లమైడ్ ఒక కుటుంబం. ఇవి క్లోమ గ్రంథిని ప్రేరేపించి ఇన్సులిన్‌ను బయటకు పంపిస్తాయి. తిన్నారా లేదా అని ఇవి చూడవు. అన్నం రాకపోయినా ఇన్సులిన్ వస్తూనే ఉంటుంది, రక్తంలో చక్కెర కిందికి జారుతూనే ఉంటుంది. గ్లిమిపిరైడ్ పని దాదాపు ఒక రోజంతా నడుస్తుంది. అంటే ఉపాసం నాటి పొద్దుటి గోలే కాదు, ముందటి రోజు రాత్రి వేసుకున్న గోలి కూడా లెక్కలోకి వస్తుంది. గ్లైబెన్‌క్లమైడ్ వీటన్నిటికంటే మొండిది. ముసలివాళ్లు, కిడ్నీ బలహీనంగా ఉన్నవాళ్లు దానిమీద ఉండి ఉపాసం చేయకూడదు. ముందే డాక్టర్‌ను అడిగి వేరే మందుకు మారాలి.

మెట్‌ఫార్మిన్ తీరు వేరు. కాలేయం నుంచి రక్తంలోకి వచ్చే చక్కెరను అది తగ్గిస్తుంది, అంతేకానీ ఇన్సులిన్‌ను బయటకు తోయదు. ఒంటరిగా వేసుకుంటే షుగర్‌ను ప్రమాదకరంగా పడేయడం అరుదు. ఖాళీ కడుపుతో వేసుకుంటే వికారం, విరేచనాలు రావచ్చు కాబట్టి ఒక్కపొద్దు విడిచేటప్పుడు వేసుకోమంటారు. విల్డాగ్లిప్టిన్, సిటాగ్లిప్టిన్, టెనెలిగ్లిప్టిన్ లాంటివి కూడా తిండి వచ్చినప్పుడే ఎక్కువగా పనిచేస్తాయి, ఉపాసానికి పెద్దగా అడ్డు కావు.

చిక్కల్లా ఈ రెండు స్వభావాలూ ఒకే గోలిలో కలిసి ఉండటంలో ఉంది. మన దగ్గర ఎక్కువమంది వేసుకునేది గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిపిన గోలే. పట్టీ వెనక చిన్న అక్షరాల్లో రెండు పేర్లూ, వాటి మిల్లీగ్రాములూ ఉంటాయి. ఆ కలిపిన గోలిలో ఒకదాన్ని ఆపి ఇంకొకదాన్ని వేసుకోవడం కుదరదు. విరిచి సగం వేసుకుందామనుకుంటారు కొందరు. పేరు చివర ఎస్‌ఆర్ అనో, ఈఆర్ అనో ఉంటే అది మెల్లమెల్లగా కరిగేలా తయారుచేసిన గోలి. ఇష్టమొచ్చినట్టు విరిస్తే, నూరితే ఆ కట్టుబాటు పోయి మందు ఒక్కసారే విడుదల కావచ్చు. అందుకే పండుగకు ముందే డాక్టర్ దగ్గరికి పోయి, ఆ ఒక్క రోజు కోసం రెండు మందులనూ విడివిడి గోలీలుగా రాయించుకోవాలి. పది నిమిషాల పని అది, ఖర్చు కూడా తక్కువే.

సాంచాల మధ్య ఒక రోజు

ఒక మనిషిని అనుకుందాం. సిరిసిల్లలో సాంచాలు నడిపే కార్మికుడు, వయసు 56. పొద్దున, రాత్రి గ్లిమిపిరైడ్ 1, మెట్‌ఫార్మిన్ 500 కలిసిన గోలి వేసుకుంటాడు. పొద్దున టెల్మిసార్టన్ 40తో పాటు నీళ్ల మందు కలిసిన బీపీ గోలి. రెండేండ్ల కింద గుండెకు స్టెంట్ వేశారు కాబట్టి రాత్రి ఆస్పిరిన్ 75, కొవ్వు తగ్గించే అటోర్వాస్టాటిన్. కిడ్నీ పరీక్ష బాగుంది, మూడు నెలల షుగర్ సగటు 7 దగ్గర ఉంది. శివరాత్రికి నీళ్లు తాగుతూ ఉపాసం ఉండి, సాయంత్రం పండ్లతో విడిచి, రాత్రంతా జాగారం చేసి, తెల్లారి అన్నం తింటాడు. ఇలాంటి మనిషి పది రోజుల ముందు పోయి అడిగితే డాక్టర్ రాసే పద్ధతి సుమారుగా ఇలా ఉంటుంది.

ముందటి రాత్రి అన్నం మామూలుగానే తింటాడు, కానీ కలిపిన గోలికి బదులు మెట్‌ఫార్మిన్ ఒక్కటే వేసుకుంటాడు. శివరాత్రి పొద్దున షుగర్ గోలి ఏదీ లేదు. బీపీ గోలిని కూడా సాయంత్రానికి జరుపుతారు, అదీ నీళ్ల మందు లేని టెల్మిసార్టన్. ముందటి రోజు వేసుకున్న గోలి ప్రభావం ఒక రోజు దాటి ఉంటుంది కాబట్టి కొన్ని గంటల ఆలస్యానికి బీపీ పెద్దగా పెరగదు. నీళ్లు తక్కువగా పోయే రోజున మూత్రాన్ని ఎక్కువ చేసే మందు మాత్రం మనిషిని వడలగొడుతుంది. లేచి నిలబడగానే బీపీ పడిపోయి కళ్లు తిరగడం మొదలయ్యేది ఇలాంటివాళ్లకే.

ఆ రోజు పరీక్షలు ముఖ్యం. లేవగానే 118, పదకొండింటికి 102, మూడింటికి 84 వచ్చిందనుకోండి. 84 ప్రమాదం కాదు, కానీ జారుతున్న లెక్క అది. 70కీ 90కీ మధ్య కనిపిస్తే గంటలోపు మళ్లీ చూడాలి. 70 కంటే తక్కువ వస్తే ఉపాసం అక్కడికి అయిపోయినట్టే, సాయంత్రం ఇంకా గంట దూరంలోనే ఉన్నా సరే. అలాగే 300 దాటినా విడవాలి. ఈ మనిషికి ఐదింటికి 81 వచ్చింది, దీపం పెట్టేదాకా ఆగగలిగాడు.

ఇక విడిచేటప్పటి సంగతి. కర్బూజ, ద్రాక్ష, ఖర్జూరాలు, ఉడకబెట్టిన గెనుసుగడ్డలు, గ్లాసు పాలు. ఇవన్నీ ఒకేసారి కడుపులో పడితే రెండు గంటల తర్వాత షుగర్ 230 దాటడం ఆశ్చర్యం కాదు. పండ్లే కదా అనుకుంటారు కానీ ఆ ఒక్క పళ్లెంలో మూడు పూటల చక్కెర ఉంటుంది. డాక్టర్ చెప్పినట్టు మెట్‌ఫార్మిన్ ఆ పండ్లతో వేసుకుంటాడు. 230 చూసి భయపడి, పొద్దున మానేసిన గ్లిమిపిరైడ్‌ను అప్పుడు వేసుకుంటే మాత్రం అసలు ప్రమాదం మొదలవుతుంది. పండ్ల చక్కెర మూడు నాలుగు గంటల్లో దిగిపోతుంది, గోలి తెల్లవారేదాకా పనిచేస్తుంది, జాగారంలో తిండి ఉండదు. నాలుగింటికి గుడి క్యూలో పడిపోయేది ఇలాంటి మనిషే. పడుకునే వేళకు వేసుకునే ఆస్పిరిన్, అటోర్వాస్టాటిన్ మాత్రం పండ్లు తిన్నాక యథావిధిగా వేసుకుంటాడు. తెల్లారి అన్నంతో పాటు పాత పద్ధతి మళ్లీ మొదలు.

షుగర్ పడిపోతున్నప్పుడు చెమటలు, చేతుల వణుకు, గుండె దడ, ఆ తర్వాత మాట తడబడటం, చిరాకు, మత్తు వరసగా వస్తాయి. సాంచాల ఖార్ఖానాలో ఒక ఇబ్బంది ఉంది. రేకుల కప్పు కింద, మోతలో గంటల తరబడి నిలబడి పనిచేసేవాళ్లకు చెమట ఎప్పుడూ ఉండేదే. షుగర్ పడి వచ్చిన చెమటను ఉక్కపోత చెమటే అనుకుంటారు. ఉపాసం నాడు ఆ షెడ్డులో ఒంటరిగా ఉండకపోవడం మంచిది, పక్క సాంచా మనిషికి ముందే చెప్పి ఉంచాలి. మెటోప్రొలాల్, అటెనొలాల్ లాంటి గోలీలు వేసుకునేవాళ్లకు దడ, వణుకు సరిగా తెలియవు. వాళ్లకు చెమట ఒక్కటే గుర్తు.

అనుమానం రాగానే మూడు చెంచాల చక్కెర లేదా గ్లూకోజ్ నీళ్లల్లో కలిపి తాగించి, పావుగంటకు మళ్లీ పరీక్ష చేయాలి. స్పృహ లేని మనిషి నోట్లో ఏమీ పోయకూడదు, 108కి ఫోన్ చేయాలి. ఇంకొక విషయం చాలామందికి తెలియదు. గ్లిమిపిరైడ్ కుటుంబం గోలితో షుగర్ పడిపోయి, చక్కెర నీళ్లతో కోలుకున్న మనిషి కొన్ని గంటలకు మళ్లీ పడిపోవచ్చు. గోలి ఇంకా ఒంట్లోనే ఉంటుంది కదా. అందుకే లేచి కూర్చున్నాడని వదిలేయకుండా, కడుపు నిండా అన్నం పెట్టి, ఒక రోజు కనిపెట్టుకుని ఉండాలి. కిడ్నీ జబ్బు ఉంటే దవాఖానలోనే ఉంచాలి.

ఒక్క పూట కూడా ఆపకూడనివి

ఫిట్స్ గోలి మొదటిది. లెవెటిరాసిటమ్, వాల్‌ప్రోయేట్, కార్బమజెపైన్ లాంటివి రక్తంలో ఒక మట్టం కింద పడకుండా ఉన్నంతసేపే కాపాడతాయి. ఒక పూట తప్పితే ఆ మట్టం పడిపోతుంది. శివరాత్రికి ఇంకో ముప్పు ఉంది. నిద్రలేమి ఫిట్స్‌ను లేపే బలమైన కారణాల్లో ఒకటి. ఫిట్స్ ఉన్న పిల్లవాడికో, పడుచుకో ఉపాసం కంటే జాగారమే ఎక్కువ చెరుపు చేస్తుంది. గోలి మానేసి, తిండి మానేసి, నిద్ర కూడా మానేస్తే మూడూ కలిసి ఒకే రాత్రి పడతాయి. ఏండ్లుగా ఫిట్స్ రాని మనిషికి మళ్లీ వచ్చేది ఇలాంటి రాత్రుల్లోనే. గుడిలో ఒక పూజ చూసి వచ్చి పడుకోమని ఇంట్లో పెద్దవాళ్లే గట్టిగా చెప్పాలి.

స్టెంట్ వేసుకున్నవాళ్ల రక్తం పలుచబరిచే గోలీలు రెండోది. ఆస్పిరిన్‌తో పాటు క్లోపిడోగ్రెల్ లేదా టికాగ్రెలర్ ఇస్తారు. స్టెంట్ పడిన మొదటి నెలల్లో వీటిని ఆపితే దాని లోపల రక్తం గడ్డకట్టే ప్రమాదం ఎక్కువ. టికాగ్రెలర్ రోజుకు రెండు పూటలు వేసుకోవాలి, దాని పని తొందరగా దిగిపోతుంది. గుండె లయ తప్పినవాళ్లకు ఇచ్చే అపిక్సబాన్, రివరోక్సబాన్ కూడా ఒక రోజులో వదిలిపోతాయి. రివరోక్సబాన్ పెద్ద డోసును తిండితోనే వేసుకోవాలి కాబట్టి ఒక్కపొద్దు విడిచే వేళకు జరపాలి, వదలొద్దు.

ప్రెడ్నిసొలోన్ లాంటి స్టెరాయిడ్‌ను ఆయాసానికో, కీళ్లవాతానికో నెలల తరబడి వాడేవాళ్లు ఊళ్లల్లో చాలామంది ఉన్నారు. కొందరికి తాము వాడుతున్నది స్టెరాయిడ్ అని కూడా తెలియదు. బయటి నుంచి మందు వస్తున్నందుకు ఒంట్లోని గ్రంథి తన పని మానుకుని ఉంటుంది. తిండి లేని రోజున గోలి కూడా ఆగితే బీపీ పడిపోయి, ఒంట్లో సత్తువ లేకుండా కూలబడతారు. మెటోప్రొలాల్ లాంటి గుండె గోలీలను కూడా హఠాత్తుగా ఆపితే దడ, ఛాతీ నొప్పి తిరగబడతాయి. టీబీ మందుకూ సెలవు లేదు. అది ఎలాగూ ఖాళీ కడుపుతో వేసుకునేదే.

చిన్నప్పటి నుంచి ఇన్సులిన్ మీదే బతికే టైప్ 1 షుగర్ పిల్లలు ఉపాసం ఉండకూడదు. తినలేదు కదా అని ఇన్సులిన్ ఆపితే రక్తం ఆమ్లంగా మారి, వాంతులు, ఆయాసంతో రెండు రోజుల్లో ప్రాణం మీదికి వస్తుంది. తిండి లేకపోయినా వాళ్లకు రోజువారీ దీర్ఘకాలపు ఇన్సులిన్ ఉండి తీరాలి. డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వాడేవాళ్లకూ రోజంతా తిండి లేకుండా ఉంటే ఇలాంటి ముప్పే ఉంది, అదీ షుగర్ పెద్దగా పెరగకుండానే. దీర్ఘ ఉపాసానికి ముందు ఆ గోలి ఆపాలా అన్నది డాక్టర్‌ను అడగాల్సిందే.

థైరాయిడ్ గోలి గురించి ఎక్కువగా కంగారు పడనక్కర్లేదు. దాని ప్రభావం సగం దిగడానికే వారం పడుతుంది. ఒక్క శివరాత్రి తప్పితే నష్టం లేదు, నెలంతా తప్పితే ఉంది. రోజాలున్నవాళ్లు దాన్ని సహర్‌కు అరగంట ముందో, రాత్రి తిన్న మూడు గంటలకో వేసుకోవచ్చు.

నొప్పుల గోలి మాత్రం ఆ రోజు నిజంగా మానాల్సిందే. రోజంతా వంగి బీడీలు చుట్టే ఆడవాళ్లు నడుం నొప్పికి, మెడ నొప్పికి డైక్లోఫెనాక్, ఎసెక్లోఫెనాక్ మింగుతారు. నీళ్లు తక్కువైన రోజున, బీపీ గోలి, నీళ్ల మందుతో పాటు ఇది కూడా తోడైతే కిడ్నీ మీద మూడు వైపుల నుంచి దెబ్బ పడుతుంది. మూత్రం తగ్గి, ముదురు రంగుకు మారితే ఆలస్యం చేయొద్దు.

ముప్పై రోజాలకు లెక్క వేరు

కోరుట్లలో బీడీలు చుట్టే ఒక అమ్మను అనుకుందాం. పొద్దున 30 యూనిట్లు, రాత్రి 20 యూనిట్లు కలిపిన రకం ఇన్సులిన్ తీసుకుంటుంది. రంజాన్‌లో దాదాపు 13 గంటలు నీళ్లు కూడా ఉండవు, పెద్ద భోజనం పగటి నుంచి ఇఫ్తార్‌కు మారుతుంది. తిండి ఎటు పోతే మందూ అటు పోవాలి. అందుకని పొద్దుటి 30 యూనిట్లు ఇఫ్తార్‌కు వస్తాయి. రాత్రి 20 యూనిట్లు సహర్‌కు పోతాయి, కానీ సగానికి తగ్గి 10 అవుతాయి. ఎందుకంటే ఆ తర్వాత పగలంతా తిండి లేదు. ఇది డాక్టర్లు మొదలుపెట్టే లెక్క మాత్రమే, రెండు మూడు రోజుల పరీక్షలు చూసి మళ్లీ మారుస్తారు. మెట్‌ఫార్మిన్ మూడు పూటలు వేసుకునేవాళ్లకు మధ్యాహ్నంది ఇఫ్తార్‌కు కలుస్తుంది. గ్లిమిపిరైడ్ రోజుకు ఒకటే అయితే ఇఫ్తార్‌కు పోతుంది.

రెండు పూటల ఫిట్స్ గోలీలను సహర్‌కు, ఇఫ్తార్‌కు సర్దవచ్చు. మూడు పూటల మందు ఉంటే ముందే మార్పించుకోవాలి.

2001లో 13 దేశాల్లో షుగర్ ఉన్న పన్నెండు వేల మందికి పైగా ముస్లింలను అడిగి చేసిన ఎపిడియార్ అధ్యయనంలో, టైప్ 2 షుగర్ ఉన్నవాళ్లకు రంజాన్‌లో దవాఖానకు పోయేంతగా షుగర్ పడిపోవడం మామూలు నెలల కంటే ఏడున్నర రెట్లు ఉన్నట్టు తేలింది. ప్రమాదకరంగా పెరిగిపోవడం కూడా ఐదు రెట్లయింది. ఇఫ్తార్ పళ్లేన్ని మరిచిపోయి పగటి ఆకలినే లెక్కపెడితే సగం ప్రమాదం కనిపించదు.

వేలికి గుచ్చి రక్తం పరీక్ష చేస్తే రోజా పోతుందని భయపడేవాళ్లున్నారు. పోదని ఎక్కువమంది ముస్లిం పండితులు చెబుతారు, షుగర్ ఉన్నవాళ్ల రోజాలకు డాక్టర్లు ఇచ్చే సలహా కూడా ఆ పరీక్ష మీదే నిలబడి ఉంది. జబ్బు మనిషి రోజాను తర్వాతి రోజులకు వాయిదా వేసుకోవచ్చని ఖురాన్ రెండో అధ్యాయంలోనే ఉంది. మహాభారతం ఉద్యోగపర్వంలో వ్రతాన్ని చెరపనివి ఎనిమిది అని చెప్పినచోట నీళ్లు, పాలు, పండ్లతో పాటు ఔషధం కూడా ఉంది. గోలి వేసుకుంటే ఒక్కపొద్దు చెడుతుందని బాధపడే అవ్వకు ఈ మాట చెబితే, డాక్టర్ చీటీ కంటే ఎక్కువ ధైర్యం వస్తుంది. ఇంట్లో పూజ చేయించే అయ్యగారో, మసీదు ఇమామ్ సాబో ఈ మాట నోరు తెరిచి చెప్పిన ఊళ్లో నర్సు పని సగం తేలికవుతుంది.

రోజాలకు ఆరు నుంచి ఎనిమిది వారాల ముందు, శివరాత్రికైతే కనీసం వారం పది రోజుల ముందు డాక్టర్‌ను కలవాలి. పాత చీటీ కాకుండా ఇప్పుడు వాడుతున్న పట్టీలన్నీ, కిడ్నీ పరీక్ష కాగితంతో సహా పట్టుకుపోవాలి. జగిత్యాలలో 2022 నుంచి, సిరిసిల్లలో 2023 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాలలు నడుస్తున్నాయి, వాటి ఆసుపత్రుల్లో ఈ మాట అడగవచ్చు. ఊళ్లో పల్లె దవాఖాన ఉంటే మొదలు అక్కడే.

రంజాన్ అయిపోయాక ఒక చిన్న జాగ్రత్త మిగిలి ఉంటుంది. ఈద్ నాడు పొద్దున షీర్ ఖుర్మా తిన్నాక కోరుట్ల అమ్మకు మళ్లీ 30 యూనిట్లు పొద్దుటికే వస్తాయి, రాత్రికి 20. నెలంతా ఇఫ్తార్‌కు 30 అలవాటై ఉంటుంది కాబట్టి ఆ సాయంత్రం కూడా చేయి 30 దగ్గరే ఆగుతుంది. ఆ రాత్రి షుగర్ పడిపోకుండా, చివరి రోజా నాడే ఇంట్లోవాళ్లెవరైనా కొత్త లెక్కను ఇన్సులిన్ డబ్బా మూత మీద రాసి అతికించాలి.